తొమ్మిదో వరుసలోని అంకె

అప్పు కాగితాల్లో పనితనం ఏముంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. సంతకాలు పెట్టాల్సిన చోట్ల పెన్సిల్ గుర్తులు, చదవడానికి వీల్లేనంత చిన్న అక్షరాలు, చివర రెవెన్యూ స్టాంపు. వాటి మధ్య ఇప్పుడు ఒక పత్రం ఉంటోంది. దాన్ని తయారుచేసినవాళ్ల పేర్లు మనకు తెలియవు. కానీ వాళ్లకు అప్పుల్లో జరిగే మాయ ఎక్కడెక్కడ దాక్కుంటుందో బాగా తెలుసునని పత్రం చూస్తే అర్థమవుతుంది. దాని పేరు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, పొట్టిగా కేఎఫ్ఎస్. రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 15న ఇచ్చిన సర్క్యులర్‌కు దీని నమూనా జతచేసి ఉంది. 2024 అక్టోబరు 1 నుంచి కొత్తగా మంజూరయ్యే రిటైల్ అప్పులకూ, చిన్న వ్యాపారాల టర్మ్ లోన్లకూ, ఇచ్చేది బ్యాంకయినా ఫైనాన్స్ కంపెనీ అయినా, ఈ పత్రం ఇచ్చి తీరాలి.

పత్రం మొదటి భాగంలో పది వరుసలు. మంజూరైన సొమ్ము, ఎప్పుడెప్పుడు చేతికిస్తారు, ఎన్ని నెలలు, ఎన్ని కిస్తులు, కిస్తీ ఎంత, వడ్డీ రేటు ఎంత, అది మారేదా మారనిదా. ఎనిమిదో వరుసలో రుసుములు. తొమ్మిదో వరుసలో ఒకే ఒక్క అంకె ఉంటుంది, ఏపీఆర్. అప్పు మీద ఏడాదికి నిజంగా పడే శాతం అది. పై ఎనిమిది వరుసల్లో చెప్పినవాటిలో ఖర్చయ్యే ప్రతి రూపాయీ, అది చేతులు మారే ప్రతి తేదీ కలిసి ఆ ఒక్క అంకెలోకి వస్తాయి. ఈ వ్యాసం ఆ తొమ్మిదో వరుస గురించే.

దాన్ని పరీక్షించడానికి ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచుదాకా ఉన్న ప్రాంతం కంటే మంచి చోటు దొరకదు. ఇక్కడ అప్పుకు రెండు లెక్కలు నడుస్తాయి. మిర్చి వేసే రైతుకు ఏడాదికోసారి, పంట ఖమ్మం యార్డుకు చేరినప్పుడు డబ్బు కళ్లబడుతుంది. అందుకే అతని అప్పు భాష ‘నూటికి నెలకు ఇంత’ అని. రెండు రూపాయల వడ్డీ అంటే వంద రూపాయలకు నెలకు రెండు రూపాయలు, ఏడాదికి 24. పెట్టుబడికి తెచ్చిన లక్ష పంట అమ్మేదాకా మొత్తం అతని దగ్గరే ఉంటుంది, తీర్చేటప్పుడు అసలూ వడ్డీ ఒకేసారి తీరుస్తాడు. ఈ అప్పుకు ఈ భాష అతికినట్టు సరిపోతుంది. చెప్పిన రేటూ పడిన రేటూ ఒకటే.

రెండోది కిస్తుల అప్పు. ఆటోకు, టూవీలర్‌కు, కుట్టుమిషన్‌కు, హోటల్ సామానుకు దొరికేది ఇదే. నెలనెలా అసలులో కొంత వెనక్కి పోతూ ఉంటుంది. ఆ పాత భాషను తెచ్చి ఈ కొత్త అప్పుకు తొడిగినప్పుడు మాయ మొదలవుతుంది. ‘రూపాయి వడ్డీయే అన్నా’ అని చెబితే, రెండు రూపాయల వడ్డీకి అలవాటుపడిన చెవికి అది సగానికి సగం చవకగా వినిపిస్తుంది.

ఒక లెక్క వేద్దాం. ఇందులోని మనిషి, సంస్థలు ఊహించినవి, అంకెలు మాత్రం కాలిక్యులేటర్ మీద నిలబడేవి. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల దారిలో తిప్పుకోవడానికి ఒకతను పాత ఆటో కొంటున్నాడు. చేతిలో ఉన్నది పోను లక్ష రూపాయలు కావాలి. ఫైనాన్స్ కంపెనీ మనిషి చెప్పింది: రూపాయి వడ్డీ, అంటే ఏడాదికి 12 శాతం, రెండేళ్లు, నెలకు 5,167 రూపాయల కిస్తీ. బ్యాంకు చెప్పింది: 18 శాతం, మూడేళ్లు, నెలకు 3,615. ఒకటి 12, ఒకటి 18. ఇక్కడితో ఆగిపోయేవాళ్లు చాలామంది, ఆగిపోవడంలో తప్పూ లేదు. పన్నెండు పద్దెనిమిది కంటే తక్కువేనని బడిలో నేర్పారు కదా.

ఫైనాన్స్ కంపెనీ 12 శాతం ఎలా వేసిందో ముందు చూడాలి. లక్షకు ఏడాదికి 12 వేలు, రెండేళ్లకు 24 వేలు. లక్షకు 24 వేలు కలిపి 24తో భాగిస్తే కిస్తీ 5,167. ఇది ఫ్లాట్ వడ్డీ. పన్నెండో నెలకు అసలులో దాదాపు సగం తీరిపోయి ఉంటుంది, అయినా వడ్డీ మాత్రం లక్ష మీదే పడుతూ ఉంటుంది. రెండెకరాలు కౌలుకు తీసుకుని, ఆరారు నెలలకు కొంత కొంత పొలం ఆసామికి అప్పజెబుతూ, చివరిదాకా రెండెకరాల కౌలూ కట్టినట్టుంటుంది. బ్యాంకు 18 శాతం మాత్రం తరిగిపోయే బాకీ మీద. ఏ నెలకు ఎంత మిగిలి ఉంటే దానికే ఒకటిన్నర రూపాయి చొప్పున. కాబట్టి ఈ రెండు అంకెలు ఒకే కొలమానం మీద లేవు. కేవలం ఈ ఒక్క తేడానే సరిచేస్తే, రుసుముల జోలికి పోకముందే, 12 శాతం కాస్తా సుమారు 21.6 శాతం అవుతుంది.

ఇక ఎనిమిదో వరుస. ఈ వరుసలో నమూనా పత్రం రెండు గళ్లు పెట్టింది. ఒకటి అప్పిచ్చే సంస్థకు చేరే రుసుములు, రెండోది ఆ సంస్థ ద్వారా వేరేవాళ్లకు చేరేవి. పత్రం చేసినవాళ్ల అనుభవం నాకు ఇక్కడే కనిపించింది. ఎందుకంటే ‘అది మా ఛార్జీ కాదు, ఇన్సూరెన్స్ వాళ్లది’ అనడం చాలా పాత ఎత్తు. అప్పు తీసుకునేవాడి జేబుకు అది ఎవరిదైతే ఏమిటి? ఇన్సూరెన్సు, లీగల్ ఫీజు లాంటి బయటివాళ్ల ఖర్చులు కూడా అప్పిచ్చే సంస్థే వసూలు చేస్తుంటే ఏపీఆర్‌లో కలపాల్సిందేనని సర్క్యులర్ తేల్చి చెప్పింది. వాటి రసీదులు కూడా ఇవ్వాలంది.

మన లెక్కలో ఫైనాన్స్ కంపెనీ ప్రాసెసింగ్ ఫీజు రెండు శాతం, దానిమీద జీఎస్టీ కలిపి 2,360. డాక్యుమెంట్ల ఖర్చు 1,140. లోన్ ఇన్సూరెన్సు 2,500. మొత్తం ఆరు వేలు ముందే కోసుకుంటే చేతికొచ్చేది 94 వేలు. బ్యాంకు ఒక శాతం ఫీజు, జీఎస్టీ, స్టాంపు ఖర్చు కలిపి 1,500 పట్టుకుని 98,500 ఇస్తుంది.

ఇప్పుడు అందరికీ తట్టే లెక్క చేద్దాం. కట్టేది ఎంత, చేతికొచ్చింది ఎంత, తేడా ఎంత. ఫైనాన్స్ కంపెనీకి 24 కిస్తులు, లక్షా 24 వేలు. చేతికొచ్చిన 94 వేలు తీసేస్తే అప్పు ఖరీదు 30 వేలు. బ్యాంకుకు 36 కిస్తులు, 1,30,140. చేతికొచ్చిన 98,500 తీసేస్తే ఖరీదు 31,640. రుసుములన్నీ కలిపాక కూడా ఫైనాన్స్ కంపెనీయే 1,640 రూపాయలు చవక! ఇంత జాగ్రత్తగా కూడి తీసేసినవాడు ఇక అనుమానం లేకుండా అటే పోతాడు.

తొమ్మిదో వరుస మాత్రం వేరే మాట చెబుతుంది. ఫైనాన్స్ కంపెనీ పత్రంలో అక్కడ ఉండాల్సిన అంకె 28.2. బ్యాంకు పత్రంలో 19.1.

మొత్తం ఖర్చు ఒకటి చవకంటోంది, నిజమైన రేటు రెండోది చవకంటోంది. రెండు లెక్కలూ తప్పు కావు. అవి జవాబిచ్చే ప్రశ్నలు వేరు. మొత్తం ఖర్చు ‘నా జేబులోంచి ఎన్ని రూపాయలు పోతాయి’ అనేదానికి జవాబు. ఆ రూపాయలకు బదులు ఎంత సొమ్ము ఎంతకాలం మన చేతిలో ఉందో అది అడగదు. కిస్తుల అప్పులో మొదట్లో పూర్తి సొమ్ము, చివర సున్నా, కాబట్టి సగటున సగం సొమ్ము మన దగ్గర ఉన్నట్టు. ఫైనాన్స్ కంపెనీ సగటున 47 వేలు రెండేళ్లపాటు వాడుకోనిచ్చి 30 వేలు తీసుకుంది, అంటే ఏడాదికి 15 వేలు. బ్యాంకు 49 వేలకు పైగా మూడేళ్లపాటు వాడుకోనిచ్చి 31,640 తీసుకుంది, ఏడాదికి పదిన్నర వేలు. ఇప్పుడు ఎవరి సొమ్ము ఖరీదైనదో కాలిక్యులేటర్ లేకపోయినా తెలుస్తుంది. ఈ ‘సగం’ లెక్క ముతకది. భాగిస్తే ఒకదానికి 32, ఇంకోదానికి 21 వస్తాయి, అసలు రేట్ల కంటే రెండు నుంచి నాలుగు శాతం ఎక్కువగా చూపుతుంది. కానీ సమాన కిస్తుల అప్పులు రెండింటిని, అదీ తేడా ఇంత ఉన్నవాటిని పక్కపక్కన పెట్టినప్పుడు ఏది ముందో ఏది వెనకో సరిగానే చెబుతుంది. కౌంటర్ ముందు నిలబడి కాగితం వెనక వేసుకోవడానికి అది చాలు.

అసలు అంకె ఎలా వస్తుందో చూస్తే దాని అందం తెలుస్తుంది. 28.2ను నేరుగా ఇచ్చే సూత్రం లేదు. వెతికి పట్టుకోవాలి. పద్దు పుస్తకంలా ఒక పట్టిక గీసి పైన 94 వేలు రాస్తాం. చేతికి రానిది అప్పు కాదు కాబట్టి లక్ష రాయం. ఈ చిన్న పట్టుదలే మొత్తం లెక్కకు ఆయువుపట్టు. తర్వాత నెలకు నూటికి ఇంత అని ఒక రేటు ఊహించుకుంటాం. ఆ నెల బాకీ మీద వడ్డీ వేసి, 5,167 కిస్తీలోంచి ఆ వడ్డీ తీసేసి, మిగిలింది అసలుకు జమ చేస్తాం. ఇలా 24 వరుసలు. ఆఖరి వరుసలో బాకీ సరిగ్గా సున్నా అయిందంటే మన ఊహ నిజం. లేదంటే ఇంకో ఊహ.

మొదట చెప్పిన మాటే నిజమనుకుని రూపాయి వడ్డీ వేసి చూడండి. 20 కిస్తులకే బాకీ వెయ్యి లోపుకు దిగుతుంది. 21వ నెల 935 రూపాయలు కడితే అప్పు తీరిపోయింది. కానీ కంపెనీ ఇంకా కిస్తులు అడుగుతూనే ఉంది, వాటి మొత్తం 19,700 పైమాటే. ఏ బాకీకి? చెప్పిన రేటు నిజం కాదని పట్టిక తనంతట తానే చూపించింది. రెండు రూపాయలు అనుకుని మళ్లీ వేస్తే చివరికి ఆరు వేల దాకా ఎక్కువ కట్టినట్టు తేలుతుంది. రెండున్నర అనుకుంటే సుమారు 2,870 ఇంకా బాకీ మిగులుతుంది. అంటే నిజం ఈ రెంటి మధ్య ఉంది. రెండు రూపాయల 35 పైసలు వేస్తే మొదటి నెల వడ్డీ 2,209, అసలుకు జమ 2,958, బాకీ 91,042. రెండో నెలకు బాకీ 88,014. అలా దిగుతూ 24వ నెలకు దాదాపు సున్నా. దాన్ని 12తో గుణిస్తే 28.2.

చేత్తో ఇది ఒక పూట పని. ఫోన్‌లో ఏ స్ప్రెడ్‌షీట్ ఉన్నా ఒక్క వరుస చాలు:

```
=RATE(24,-5167,94000)*12
=RATE(36,-3615,98500)*12
```

బ్రాకెట్లో మొదటిది కిస్తుల సంఖ్య, రెండోది కిస్తీ, మూడోది చేతికొచ్చిన సొమ్ము. కిస్తీ ముందు మైనస్ గుర్తు మరిచిపోతే లెక్క రాదు. యంత్రం చేసేదీ మనం పైన చేసిందే, ఊహించడం, సరిచూడడం, మళ్లీ ఊహించడం.

సరిగా వేశామో లేదో తేల్చుకోవడానికి రిజర్వు బ్యాంకే ఒక లెక్క చేసి చూపింది. 20 వేల అప్పు, 24 నెలలు, 15 శాతం వడ్డీ, కిస్తీ 970, రుసుములు 400, చేతికి 19,600. దాని ఏపీఆర్ 17.07 అని ముద్రించింది. 400 రూపాయలంటే 20 వేలలో రెండు శాతమే. అయినా రేటు రెండు శాతానికి మించి పెరిగింది, ఎందుకంటే ఆ కోత మొదటి రోజే పడింది, అప్పు మాత్రం రోజురోజుకూ తరుగుతూ పోతుంది. తీసుకున్న ఉదాహరణ చాలా చిన్నది. కోట్ల ఇంటి అప్పు కాకుండా ఇరవై వేలకు లెక్క కట్టి చూపడంలోనే ఈ పత్రం ఎవరి చేతికి చేరాలనుకున్నారో తెలుస్తుంది. మన కాలిక్యులేటర్‌లో కూడా 17.07 వస్తే మిగతా లెక్కలు ధైర్యంగా వేసుకోవచ్చు. కిస్తీని 970కి సవరించకుండా పైసలతో, అంటే 969.73గా, వేయాలి. 970 వేస్తే ఆఖరి దశాంశంలో కాస్త తేడా వస్తుంది.

గమనించారా, 28.2 రావడానికి ముందు మన చేతికి వచ్చిన అంకె రెండు రూపాయల 35 పైసలు. అది నూటికి నెలకు. అంటే ఏపీఆర్‌ను 12తో భాగిస్తే మిర్చి రైతు మాట్లాడే భాషే వస్తుంది. బ్యాంకుది రూపాయి 59 పైసల వడ్డీ. ఫైనాన్స్ కంపెనీది రెండు రూపాయల 35 పైసల వడ్డీ. ‘రూపాయి వడ్డీ’ అని చెప్పి ఇచ్చిన అప్పు, షావుకారి రెండు రూపాయల వడ్డీ కంటే ప్రియం! షావుకారు మంచివాడని కాదు. పంట తన అడ్తికే తేవాలనే షరతు పెడితే, ధరలోనూ తూకంలోనూ పోయేది ఏ పట్టికకూ ఎక్కదు. చిట్టీ మీద ఇచ్చే అప్పుకు కేఎఫ్ఎస్ ఉండదు.

ఈ అడవి అంచున అప్పుల మీద చట్టాలు కొత్త కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో వడ్డీ వ్యాపారుల అదుపుకు ఒకటి, గిరిజనుల రుణ విముక్తికి ఒకటి 1960లోనే రెగ్యులేషన్లు వచ్చాయి. మైక్రోఫైనాన్స్ మీద 2010 అక్టోబరులో ఆర్డినెన్సు వచ్చి తర్వాత చట్టమైంది. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు ఆ చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పిచ్చింది. అవన్నీ అప్పిచ్చేవాడి చేతులు కట్టడానికి చూశాయి. కేఎఫ్ఎస్ ఎవరి చేతులూ కట్టదు, 28 శాతం వేయొద్దని కూడా అనదు. 28 అని రాయమంటుంది, అంతే. ఇది తక్కువని కొందరంటారు. నిజమే, తక్కువే. కానీ రాసిన అంకెను పక్క సంస్థ అంకెతో పోల్చవచ్చు.

తొమ్మిదో వరుస చూడగలిగి, మొత్తం ఖర్చు చూడలేని ఎత్తు ఇంకొకటుంది. ‘మొదటి కిస్తీ ముందే పట్టుకుంటాం, ఎలాగూ కట్టాల్సిందే కదా’ అంటారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. మన లెక్కలో 94 వేలలోంచి 5,167 కూడా పట్టుకుంటే చేతికి 88,833, కట్టాల్సినవి 23 కిస్తులు. మొత్తం ఖర్చు కూడి చూడండి, అదే 30 వేలు, ఒక్క రూపాయి పెరగలేదు. రేటు మాత్రం 28.2 నుంచి సుమారు 30.9కి ఎగబాకింది. మన సొమ్ము ఒక నెల ముందే వాళ్ల దగ్గరికి వెళ్లింది, ఆ ముందుతనానికి ఉన్న ధరే ఈ రెండున్నర శాతం పైన పెరుగుదల.

మరి ఆటో కొనేవాడు మొత్తం ఖర్చును పక్కన పడేయాలా? అక్కర్లేదు. గడువులు వేరైనప్పుడో, కిస్తీ ముందే పట్టుకున్నప్పుడో అది మోసం చేస్తుంది. గడువు సమానం చేసి అడిగితే దానంత సూటిగా మాట్లాడేది లేదు. బ్యాంకును అదే 18 శాతానికి రెండేళ్ల గడువుతో కిస్తీ చెప్పమని అడగాలి. 4,992 అని వస్తుంది. ఫైనాన్స్ కంపెనీ 12 శాతం కిస్తీ 5,167 కంటే బ్యాంకు 18 శాతం కిస్తీ 175 రూపాయలు తక్కువ! మొత్తం ఖర్చు 30 వేలకు బదులు సుమారు 21,300. ఏపీఆర్ అనే మాట వినని మనిషికి కూడా ఈ రెండు కిస్తులు పక్కపక్కన రాసి చూపిస్తే వేరే వివరణ అక్కర్లేదు. నన్నడిగితే ఇదే అన్నిటికంటే బలమైన పరీక్ష: ఒకే సొమ్ము, ఒకే గడువు, ఇప్పుడు కిస్తీ ఎంత, చేతికి ఎంత?

అయినా మూడేళ్ల గడువును తీసిపారేయకూడదు. ఈ దారిలో ఆటో సంపాదన ఏడాది పొడుగునా ఒక్కలా ఉండదు. మిర్చి ఏరే రోజుల్లో కూలీల రాకపోకలతో బండికి ఖాళీ ఉండదు. వానాకాలంలో గోదావరి పొంగి భద్రాచలం దగ్గర 43 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. దుమ్ముగూడెం, చర్ల వైపు రోడ్డు మునిగితే ఆటో చెట్టుకింద ఉంటుంది, కిస్తీ తేదీ మాత్రం ఆగదు. అప్పుడు 5,167కూ 3,615కూ మధ్య ఉన్న పదిహేను వందల పైచిలుకు తేడా చాలా పెద్దది. కిస్తీ తప్పితే పడే జరిమానాలు తొమ్మిదో వరుసలో ఉండవు. అవి పదో వరుసలో, అప్పు ముందే మూసేస్తే పడే ఛార్జీల పక్కన ఉంటాయి. ఏపీఆర్ అనేది ప్రతి కిస్తీ తేదీ తప్పకుండా కడతారనుకుని వేసిన లెక్క. దాని పరిమితి అది.

అందుకని నేనైతే మూడేళ్ల అప్పునే తీసుకుని, పదో వరుసలో ముందస్తు చెల్లింపుకు ఛార్జీ లేదని చూసుకుని, బండి బాగా తిరిగిన నెలల్లో ఎక్కువ కడతాను. నెలనెలా 5,167 చొప్పునే బ్యాంకుకు కట్టగలిగితే 23 నెలలకు బాకీ 165 రూపాయలకు దిగుతుంది. ఖర్చు దాదాపు ఇరవైన్నర వేలు. మూడేళ్ల అప్పు ‘ఖరీదు’ 31,640 అన్నది బ్యాంకు పెట్టిన ధర కంటే మనం తీసుకున్న వ్యవధి వల్లే ఎక్కువగా వచ్చింది. అదే వెసులుబాటు ఫ్లాట్ వడ్డీ అప్పులో ఉంటుందని అనుకోవద్దు. ఏడాదికే మూసేస్తామంటే మిగిలిన వడ్డీలో ఎంత వదులుతారో, మూసేసినందుకు ఎంత వేస్తారో ముందే అడిగి రాయించుకోవాలి. మొదటి రోజు కోసిన ఆరు వేలు మాత్రం ఎప్పుడు మూసినా తిరిగి రావు. ఎంత తొందరగా మూస్తే ఆ ఆరు వేల బరువు అన్ని తక్కువ నెలల మీద పడి నిజమైన రేటు ఇంకా పెరుగుతుంది.

ఒక చిన్న మెలిక కూడా చెప్పాలి. ఏపీఆర్ నెల రేటును 12తో గుణించి తీసింది. నెలనెలా వడ్డీ మీద వడ్డీ కలుపుతూ చక్రవడ్డీ లెక్కన చూస్తే 28.2 కాస్తా 32 దాటుతుంది, 19.1 దాదాపు 21 అవుతుంది. రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నవే. ఒక సంస్థ అంకె ఒక పద్ధతిలో, ఇంకో సంస్థది ఇంకో పద్ధతిలో తీసుకుని పోల్చకపోతే చాలు. ఇద్దరి కేఎఫ్ఎస్‌లోనూ ఉన్న తొమ్మిదో వరుసనే చూస్తే ఈ చిక్కు రాదు.

పత్రం చేసినవాళ్లు మరో రెండు పనులు చేశారు. పత్రం అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలన్నారు. అందులో ఉన్నది వివరించి చెప్పి, అర్థమైందని సంతకం తీసుకోవాలన్నారు. ఇంట్లో కోయ మాట్లాడుకునేవాళ్లు ఎందరో ఉన్న ఈ ఏజెన్సీలో ‘వివరించి చెప్పాలి’ అన్న ఆ రెండు మాటలకే ఎక్కువ విలువ. సంతకం పెట్టమన్నప్పుడు ఆ మాటే గుర్తుచేసి, చేతికి వచ్చేది ఎంత, తొమ్మిదో వరుసలో ఎంత అని నోటితో చెప్పమని అడిగే హక్కు ఉంది. రెండోది గడువు. వారం, అంతకు మించిన అప్పుకు కేఎఫ్ఎస్ ఇచ్చాక కనీసం మూడు పనిదినాలు ఆ షరతులకు సంస్థ కట్టుబడి ఉండాలి. ‘ఇవాళ సంతకం పెట్టకపోతే ఆఫర్ పోతుంది’ అనే మాటకు ఇక చోటు లేదు. ఆ మూడు రోజుల్లో రెండో చోటి పత్రం కూడా తెచ్చుకుని, ఒకే గడువుకు కిస్తీ అడిగి, రెంటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టుకోవచ్చు.

పత్రంతోపాటు ఏపీఆర్ లెక్క కట్టిన తీరు, నెలవారీ కిస్తుల పట్టిక కూడా ఇవ్వాలి. అవి లేకుండా మొదటి పేజీ మాత్రమే ఇస్తే అడిగి తీసుకోండి. సంతకం చేసిన నకలు అప్పు తీరేదాకా దాచుకోండి. కేఎఫ్ఎస్‌లో రాయని ఏ రుసుమునూ, అప్పు నడిచినంతకాలం ఏ దశలోనూ, మీ స్పష్టమైన అంగీకారం లేకుండా వసూలు చేయడానికి వీల్లేదని ఆ సర్క్యులర్‌లోనే ఉంది.